ఎక్స్‌పైరీ రంగులు తిరగబడ్డాయి: ఫిబ్రవరి 27 స్ట్రిప్ ఎర్రగా, డిసెంబర్ 25 సిరప్ తెల్లగా

గాజువాక_కుర్రోడు · 12 జనవరి 2026, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. గాజువాకలో మా మామయ్య మెడికల్ షాపులో కూర్చుంటున్నాను, కొత్త సంవత్సరం మొదటి వారంలో స్టాకంతా దింపి లెక్కపెట్టి ఎక్సెల్‌లో ఎక్కించాను, దాదాపు 1400 లైన్లు వచ్చాయి. మా స్టాకిస్ట్ ఎక్స్‌పైరీకి మూడు నెలల ముందు నుంచి సరుకు వెనక్కి తీసుకుంటాడు, అదీ నెలకి ఒక్కసారే, అందుకని దగ్గరపడ్డవి ఎర్రగా కనపడితే చాలనుకుని D కాలమ్‌లో ఎక్స్‌పైరీ పెట్టి కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఇది ఇచ్చాను:

```
=$D2-TODAY()<=60
```

ఎర్రగా అయితే వచ్చాయి గానీ అన్నీ తికమకగా ఉన్నాయి. 2027 ఫిబ్రవరి దాకా ఉన్న పాంటాప్రజోల్ ఎర్రగా వచ్చింది. వెనక అరలో దొరికిన దగ్గు సిరప్, డిసెంబర్ 2025తోనే అయిపోయింది అది, ఏ రంగూ లేకుండా తెల్లగా కూర్చుంది. పైగా కింద ఏమీ రాయని ఖాళీ లైన్లన్నీ ఎర్రగా మెరిసిపోతున్నాయి. మామయ్య చూసి "ఏట్రా ఇది, సంక్రాంతి ముగ్గా" అన్నాడు. ఫార్ములా తప్పా, నేను తప్పా?

రంగుల_రాజా · రాత్రి 11:05

బ్రదర్, ఇంత చిన్నదానికి ఫార్ములా ఎందుకు. ఆ కాలమ్ సెలెక్ట్ చేసి Color Scales నొక్కు, మూడు రంగులది ఉంటుంది, దగ్గర తేదీలు ఎరుపు, మధ్యవి పసుపు, దూరంవి ఆకుపచ్చ, రెండు క్లిక్కులు. మా గోపాలపట్నం గొడౌన్‌లో రెండేళ్లుగా అదే వాడుతున్నాం. ఖాళీవాటికి కూడా రంగు పడదు.

ఎంవీపీ_ఫార్మసిస్ట్ · రాత్రి 11:31

ఖాళీ లైన్ల సంగతి తేలికే. ఖాళీ సెల్‌ని ఎక్సెల్ సున్నాగా లెక్కేస్తుంది, సున్నాలోంచి ఈరోజు తీసేస్తే మైనస్ నలభైఆరు వేల పైచిలుకు వస్తుంది, అది 60 కన్నా తక్కువే కదా, అందుకే ఎరుపు. `AND($D2<>"", ...)` అని ముందు ఒకటి తగిలించండి పోతుంది.

ఇంకోటి, స్ట్రిప్ మీద నెల, సంవత్సరమే ఉంటాయి కదా, ఆ నెల ఆఖరి రోజు వరకు వాడొచ్చని అర్థం, డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. మీరు ఒకటో తారీఖుగా లెక్కేస్తే ప్రతి మందుకీ దాదాపు నెల నష్టపోతారు. కానీ పాంటాప్రజోల్ ఎందుకు ఎర్రబడిందో నాకూ అర్థం కాలేదు.

స్టోర్స్_తాతయ్య · 13 జనవరి, ఉదయం 5:50

బాబూ, ఫార్ములాని తిట్టే ముందు రెండు పనులు చెయ్యి. ఆ పాంటాప్రజోల్ తేదీ ఉన్న సెల్ మీద ఒక్కసారి నొక్కి, సెల్‌లో కాదు, పైన ఫార్ములా బార్‌లో ఏముందో చూసి ఉన్నదున్నట్టు ఇక్కడ రాయి. సిరప్‌కీ అలాగే. తర్వాత కంప్యూటర్ కింద కుడి మూల టైము పక్కన తేదీ ఎలా ఉంది, 1/13/2026 అనా, 13-01-2026 అనా?

నువ్వు కొట్టేటప్పుడు ఎలా కొట్టావో కూడా చెప్పు. అక్షరం పొల్లుపోకుండా.

గాజువాక_కుర్రోడు · ఉదయం 9:15

మాస్టారూ, కొట్టడం స్ట్రిప్ మీద ఉన్నట్టే కొట్టాను, Feb-27 అని. ఇప్పుడు సెల్‌లో 27-Feb అని తిరగబడి కనిపిస్తోంది, అది ఎక్సెల్ స్టైల్ ఏమో అనుకుని వదిలేశాను. పైన బార్‌లో 2/27/2026 అని ఉంది!! సిరప్‌కి Dec-25 కొట్టాను, పైన 12/25/2026 ఉంది. మూలన తేదీ 1/13/2026.

స్టోర్స్_తాతయ్య · ఉదయం 9:40

దొరికాడు దొంగ. మీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంది. నువ్వు Feb-27 అంటే ఎక్సెల్‌కి వినిపించింది "ఫిబ్రవరి 27వ తారీఖు". సంవత్సరం నువ్వు చెప్పలేదనుకుని ఈ సంవత్సరం అదే తగిలించుకుంది. అంటే 2027 ఫిబ్రవరి మందు కాస్తా 27-02-2026 అయి కూర్చుంది. నిన్నటి నుంచి లెక్కేస్తే 46 రోజులు, నీ 60 లోపల పడింది, ఎరుపు.

సిరప్ సంగతే నన్ను భయపెట్టేది. Dec-25 అంటే 2026 డిసెంబర్ 25 అయిపోయింది, ఇంకా 347 రోజులున్నాయని నమ్ముతోంది షీటు. మంచి మందు ఎర్రబడితే చేతిలోకి తీసుకుని చూస్తావు, పోనీలే అని తిరిగి పెడతావు. చచ్చిన మందు తెల్లగా ఉంటే ఎవడూ చూడడు, కౌంటర్ మీదకి వెళ్ళిపోతుంది. నీ ఫార్ములా అమాయకురాలు, ఇచ్చిన తేదీకి సరిగ్గానే లెక్క చెప్పింది.

పూర్ణామార్కెట్_పచారీ · ఉదయం 11:20

నాకూ ఇదే సమస్య అండి, మాది పూర్ణా మార్కెట్‌లో కిరాణా, మసాలా పాకెట్ల మీద ఎక్స్‌పైరీయే ఉండదు, ప్యాకింగ్ తేదీ వేసి "ఆరు నెలల్లోపు వాడవలెను" అని ఉంటుంది. మా అబ్బాయి C2+180 అని పెట్టాడు. రంగు వస్తోంది. అది మీరు చెప్పిన అమెరికా పద్ధతి వల్ల తప్పొస్తుందా?

రంగుల_రాజా · ఉదయం 11:32

అమ్మా, మీది వేరే సమస్య, ఇక్కడ ఎక్స్‌పైరీ గురించి నడుస్తోంది.

ఎంవీపీ_ఫార్మసిస్ట్ · ఉదయం 11:50

వేరే ఏమీ కాదు, రంగు వేసే ముందు తేదీ కావాలి కదా అందరికీ. పచారీ గారూ, 180 అంటే ఆరు నెలలు కాదు, ఒకటి నుంచి నాలుగు రోజులు తక్కువ అవుతుంది. `=EDATE(C2,6)` పెట్టించండి, అదే తారీఖు ఆరు నెలల తర్వాత వస్తుంది. ఆగస్టు 31న ప్యాక్ చేసిందైతే ఫిబ్రవరిలో 31 లేదు గనక నెలాఖరుకి ఆపేస్తుంది. ఆ 6ని కూడా ఒక కాలమ్‌లో పెట్టి ఫార్ములాలో ఆ సెల్ పేరు ఇవ్వండి, పసుపుకి ఒకలా, కారానికి ఒకలా ఉంటాయి కదా నెలలు.

మీరు ప్యాకింగ్ తేదీని రోజు, నెల, సంవత్సరం మూడూ కొడుతున్నారు కాబట్టి ఈ అబ్బాయి గోల మీకు ఇలాగే రాదు. కానీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 05/11/2025 అని కొట్టింది మే 11 అయిపోతుంది, అది చూసుకోండి.

గాజువాక_కుర్రోడు · మధ్యాహ్నం 1:10

అయ్యబాబోయ్. అయితే 1400 లైన్లూ మళ్ళీ కొట్టాలా? కొన్ని మామయ్య కూడా కొట్టాడు, ఆయన 03/2027 అని పూర్తిగా కొడతాడు, అవి Mar-27 అని కనిపిస్తున్నాయి. పైన బార్‌లో 3/1/2027 ఉంది.

స్టోర్స్_తాతయ్య · మధ్యాహ్నం 2:30

మళ్ళీ కొట్టక్కర్లేదు, నీ అదృష్టం. చెడిపోయింది గానీ సమాచారం పోలేదు. నువ్వు కొట్టిన సంవత్సరం రోజు స్థానంలో దాక్కుంది, అంతే. 27-Feb-2026లో 27 అన్నది నిజానికి 2027. మీ మామయ్య కొట్టినవి ఒకటో తారీఖుగా పడ్డాయి, వాటి సంవత్సరం సరైనదే. కాబట్టి పక్కన ఖాళీ కాలమ్‌లో ఇలా:

```
=IF(D2="","",IF(DAY(D2)=1,EOMONTH(D2,0),
 DATE(2000+DAY(D2),MONTH(D2)+1,0)))
```

రోజు 1 అయితే అది సరిగ్గా పడ్డ తేదీ, దాన్ని నెలాఖరుకి జరుపు. కాకపోతే రోజుని సంవత్సరంగా మార్చి, తర్వాతి నెల "సున్నా తారీఖు" అడుగు. సున్నా తారీఖంటే ముందు నెల ఆఖరి రోజు, 28 అయినా 31 అయినా అదే చూసుకుంటుంది. నీ పాంటాప్రజోల్ 28-02-2027 అవుతుంది. సిరప్‌కి 12+1, పదమూడో నెల అవుతుందని కంగారు పడకు, ఎక్సెల్ దాన్ని తర్వాతి జనవరిగా తీసుకుని సున్నా తారీఖుకి వెనక్కొచ్చి 31-12-2025 ఇస్తుంది.

ఈ మందు ఒక్కసారికే. నిజంగా రోజుతో సహా తేదీ ముద్రించినవి నీ షీటులో ఉంటే, ఉదాహరణకి 26-Mar-2026 అని పూర్తిగా కొట్టినవి, వాటిని కూడా ఇది మార్చేసి నెలాఖరు చేసేస్తుంది, పెద్ద తేదీ అయితే ఇంకా దారుణం. వాటిని ముందు పక్కకి తీసిపెట్టు. అవి ఎన్నో నాకు తెలీదు, నువ్వే అరల దగ్గర చూడాలి.

బీచ్‌రోడ్_బాచి · మధ్యాహ్నం 3:05

ఒక చిన్న సంగతి. నాకు ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు, పుట్టుకతోనే. మా ల్యాబ్‌లో రీఏజెంట్ల షీటు ఇలాగే రంగులేశారు, నాకు రెండూ ఒకే మట్టి రంగులా కనిపిస్తాయి, నేను ప్రతిసారీ పక్కవాణ్ణి పిలవాలి. దయచేసి రంగుతో పాటు ఒక కాలమ్‌లో ఎన్ని వారాలో అంకె కూడా పెట్టండి. నలుపు తెలుపు ప్రింట్ తీసినా పనికొస్తుంది.

స్టోర్స్_తాతయ్య · సాయంత్రం 4:15

బాచి బాబు మాట బంగారం. నేనూ అదే చెప్పబోతున్నాను. రంగు అంకె మీద ఆధారపడాలి, అప్పుడే రెండూ ఒకే మాట చెప్తాయి.

ఇక ముందు నుంచి ఎక్స్‌పైరీని ఒక సెల్‌లో కొట్టడం మానెయ్యి. D లో నెల అంకె, E లో సంవత్సరం ఆఖరి రెండంకెలు. 2, 27. ఇందులో ఎక్సెల్ తెలివి చూపించడానికి ఏమీ లేదు. కంప్యూటర్ ఏ దేశం పద్ధతిలో ఉన్నా ఒకటే. రీజియన్ సెట్టింగ్ ఇండియాకి మార్చుకోమని నేను చెప్పను, మారిస్తే మంచిదే గానీ పాత సెల్స్ బాగవ్వవు, రేపు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి ఎవరో కొడితే మళ్ళీ మొదటికే. F లో నెలాఖరు తేదీ:

```
=IF(OR(D2="",E2=""),"",DATE(2000+E2,D2+1,0))
```

G లో మిగిలిన వారాలు:

```
=IF(F2="","",INT((F2-TODAY())/7))
```

పాత 1400కీ ఇందాకటి రిపేర్ తేదీల్లోంచి నెలా సంవత్సరం విడదీసి D, E లో విలువలుగా అతికించు, Paste Special లో Values. D కి 1 నుంచి 12, E కి 25 నుంచి 35 మాత్రమే తీసుకునేలా Data Validation పెట్టు, లేకపోతే మీ మామయ్య అలవాటు కొద్దీ 2027 కొట్టి నాలుగు వేల ఇరవై ఏడో సంవత్సరం దాకా మందు అమ్ముతాడు.

రంగుల_రాజా · సాయంత్రం 4:40

INT ఎందుకు తాతగారూ, ROUND పెట్టొచ్చు కదా, దగ్గరి వారానికి సరిచేస్తుంది, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది.

స్టోర్స్_తాతయ్య · సాయంత్రం 5:20

నీట్‌గానే ఉంటుంది రాజా, కానీ అబద్ధం చెప్తుంది. 25 రోజులు మిగిలితే మూడు వారాల చిల్లర, ROUND దాన్ని 4 అంటుంది, ఎర్రగా ఉండాల్సింది నారింజ అవుతుంది. అంతకన్నా చెడ్డది సున్నా దగ్గర. జనవరి మందు ఫిబ్రవరి 3న చూస్తే మూడు రోజుల కింద చచ్చింది, మైనస్ మూడు బై ఏడు, ROUND సున్నా అంటుంది, ఇంకా బతికున్నట్టే. INT ఎప్పుడూ కిందకే దించుతుంది కాబట్టి మైనస్ 1 అంటుంది. ఆఖరి రోజున మాత్రం సున్నా, ఎరుపు. నాకు కావలసింది అదే.

ఇక నీ కలర్ స్కేల్. అది వారాలు చూడదు, ఆ కాలమ్‌లో ఉన్న అన్నిటికన్నా చిన్న అంకెకీ పెద్ద అంకెకీ మధ్య రంగు పరుస్తుంది. షీటులో అన్నీ రెండేళ్ల సరుకే అనుకో, అందులో దగ్గరిది కూడా ఎర్రగా కనిపిస్తుంది. ఎవడో ఒక తేదీ 2062 అని తప్పు కొడితే ఆకుపచ్చగా ఉండాల్సినవన్నీ ఒక్కసారిగా పసుపు. అంచులు అంకెలుగా నువ్వే ఇస్తే కొంత పనికొస్తుంది, కానీ "ఎనిమిది వారాలు దాటిందా లేదా" అన్న ప్రశ్నకి కరిగిపోయే రంగు జవాబు చెప్పదు.

రంగుల_రాజా · సాయంత్రం 5:31

మాకు ఎప్పుడూ రాలేదు ఆ సమస్య. సరే మీ ఇష్టం.

గాజువాక_కుర్రోడు · 14 జనవరి, మధ్యాహ్నం 12:20

భోగి మంట ఆరాక కూర్చున్నాను (ఇంట్లో తిట్టారు). నెలా సంవత్సరం విడదీశాను, F, G వచ్చాయి. పాంటాప్రజోల్ 58 వారాలు, సిరప్ మైనస్ 2. మామయ్య సిరప్ తీసి డబ్బాలో పడేశాడు. ఇప్పుడు రంగులకి నాలుగు రూల్స్ పెట్టాను: అయిపోయినవి బూడిద, 4 వారాల లోపు ఎరుపు, 8 లోపు నారింజ, 13 లోపు పసుపు. స్టాకిస్ట్ మూడు నెలలంటాడు కాబట్టి 13. కానీ ఇప్పుడు ఇంకో విచిత్రం, రంగు ఒక లైను పైన పడుతోంది! ఓఆర్‌ఎస్ పాకెట్లకి 60 వారాలుంటే దాని మీద ఎరుపు, దాని కింద 2 వారాలున్న డ్రాప్స్ తెల్లగా. పిచ్చెక్కుతోంది.

```
=AND(ISNUMBER($G2),$G2<0)
=AND(ISNUMBER($G2),$G2<4)
=AND(ISNUMBER($G2),$G2<8)
=AND(ISNUMBER($G2),$G2<13)
```

ఎంవీపీ_ఫార్మసిస్ట్ · మధ్యాహ్నం 1:00

రూల్ పెట్టేటప్పుడు హెడ్డింగ్‌తో కలిపి మొదటి లైను నుంచి సెలెక్ట్ చేసుంటారు. Manage Rules లోకి వెళ్ళి Applies to చూడండి, `$A$1` తో మొదలైతే అదే. ఫార్ములాలో రాసిన లైను నంబర్‌ని ఎక్సెల్ మీ సెలెక్షన్ మొదటి లైనుకి అంటగడుతుంది, అప్పుడు ఒకటో లైను రెండో లైను జాతకం చూస్తుంది, రెండోది మూడోది చూస్తుంది. `$A$2:$H$1500` చేసి, ఫార్ములాలో 2 అలాగే ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి. G ముందు డాలర్ తీసేయకండి, తీస్తే లైను మొత్తానికి కాకుండా ఏదో ఒక సెల్‌కి రంగు పడుతుంది.

వరస కూడా ముఖ్యం. మైనస్ 2 అనేది 4 కన్నా తక్కువే, 8 కన్నా తక్కువే, అన్ని రూల్సూ దానికి వర్తిస్తాయి, పైనున్నదే గెలుస్తుంది. బూడిద పైన, పసుపు అట్టడుగున. ఎక్సెల్ కొత్త రూల్‌ని ఎప్పుడూ పైకెక్కిస్తుంది కాబట్టి మీరు బూడిద ముందు పెట్టుంటే అది ఇప్పుడు అడుగున ఉంటుంది, బాణం గుర్తుతో పైకి జరపండి.

గాజువాక_కుర్రోడు · మధ్యాహ్నం 1:25

A1 తోనే ఉంది!! మార్చాను, బూడిద కూడా అడుగునే ఉంది, పైకి లాగాను. ఇప్పుడు అంతా సరిగ్గా కూర్చుంది. థాంక్యూ మేడమ్. స్టాకిస్ట్‌కి ఎన్ని లైన్లు పంపాలో లెక్కపెట్టాలంటే పసుపు, నారింజ, ఎరుపు సెల్స్ ఎన్నో COUNTIF తో వస్తుందా?

స్టోర్స్_తాతయ్య · మధ్యాహ్నం 2:10

COUNTIF కి కళ్ళు లేవు నాయనా, రంగు దానికి తెలీదు. రంగు వెనకున్న అంకెని అడుగు:

```
=COUNTIFS(G:G,">=0",G:G,"<13")
```

అయితే ఒక మాట. 13 వారాలంటే 91 రోజులు, మూడు నెలలంటే మీ స్టాకిస్ట్ దృష్టిలో క్యాలెండర్ నెలలు కావచ్చు. ఆయన నెలకోసారే వస్తాడన్నావు కదా, అయితే ఈసారి వచ్చినప్పుడు 13 లోపు లేనిది, వచ్చేసారికి 9 వారాల దగ్గర ఉంటుంది, ఇబ్బంది లేదు. కానీ ఆయన ఆఖరి నెలలో తీసుకోనంటాడా, అయిపోయాక కూడా కొన్నాళ్లు తీసుకుంటాడా అన్నది ముందు తేల్చుకో, దాన్ని బట్టే ఎరుపు ఎక్కడ మొదలవ్వాలో తెలుస్తుంది. ఇప్పుడు నువ్వు పెట్టిన 4 ఊరికే పెట్టిన అంకె.

పూర్ణామార్కెట్_పచారీ · 17 జనవరి, ఉదయం 10:05

EDATE పెట్టించాను, బాగానే ఉంది. కానీ నిన్న కరెంటు పోయొచ్చాక షీటు తెరిస్తే ఒక్క రంగూ లేదు, అన్నీ తెల్లగా, ఏ పాకెట్‌కి చూసినా ఏళ్లకి ఏళ్లు మిగిలున్నాయి. మా అబ్బాయి నేనేదో నొక్కేశానంటున్నాడు.

స్టోర్స్_తాతయ్య · ఉదయం 10:30

తల్లీ, మీరేమీ నొక్కలేదు. కంప్యూటర్ మూలన తేదీ చూడండి, ఏదో పాత సంవత్సరం ఉంటుంది. పాత డెస్క్‌టాప్ అయ్యుంటుంది, లోపల బిళ్ళ లాంటి చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి వెళ్తుంది. TODAY() ఆ గడియారాన్నే నమ్ముతుంది. బ్యాటరీ కొద్ది రూపాయలే, డాబాగార్డెన్స్‌లో ఏ కంప్యూటర్ షాపులో అయినా వేస్తారు. షీటు మొదటి లైనులో ఒక సెల్‌లో `=TODAY()` పెట్టి పెద్ద అక్షరాలు చెయ్యండి, తెరవగానే కంటికి కనపడుతుంది.

పూర్ణామార్కెట్_పచారీ · ఉదయం 10:52

2009 అని ఉంది!

గాజువాక_కుర్రోడు · 18 జనవరి, రాత్రి 9:45

అప్‌డేట్. రిపేర్ ఫార్ములా ఇచ్చిన తేదీలని అరలతో పోల్చి చూస్తున్నాం, 400 దాకా అయ్యాయి. ఆరు తేడా వచ్చాయి. ఆరింటికీ కారణం తెలిసింది, రోజుతో సహా ముద్రించినవి, తాతగారు చెప్పినవే. ఇంకోటి మాత్రం వింతగా ఉంది, స్ట్రిప్ మీద FEB.29, నేను Feb-29 అనే కొట్టాను, కానీ అది చెడిపోకుండా 2/1/2029 అని సరిగ్గా పడింది. మిగతా 29లు, Mar-29, Apr-29 అన్నీ చెడ్డాయి. ఇదొక్కటే ఎందుకు బాగుందో అర్థం కాలా.

బీచ్‌రోడ్_బాచి · రాత్రి 10:10

ఈ సంవత్సరం ఫిబ్రవరికి 29 లేదు కదా బ్రదర్. రోజుగా కుదరక సంవత్సరం అనుకుంది.

గాజువాక_కుర్రోడు · రాత్రి 10:14

ఓరినాయనో 😂 మిగతా వెయ్యి ఆదివారాల్లో చూసుకోవాలి. ఈలోగా స్టాకిస్ట్‌ని అడిగితే "ఆఖరి నెలవి చూద్దాంలే" అన్నాడు, అంటే తీసుకుంటాడో లేదో నాకు తెలీలేదు, ఎరుపుని 4 దగ్గరే ఉంచాను.

రంగుల_రాజా · రాత్రి 10:40

మా గొడౌన్ షీటులో కలర్ స్కేల్ తీసి చూశాను ఊరికే. ఒక తేదీ 2052 ఉంది. అది ఎవరు కొట్టారో కనుక్కుంటున్నాను.